విరేచనం ఆగడం లేదని ఓఆర్‌ఎస్ ఆపేస్తే: పిల్లల నీళ్ల విరేచనాల్లో ఇంటి వైద్యం ఎక్కడ తప్పుతుంది, ఆసుపత్రి ఎప్పుడు తప్పదు

పసిబిడ్డకు నీళ్ల విరేచనాలు మొదలైనప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లం ఇంటికి తేవడం ఒక ఎత్తు, దాన్ని సరిగా కలిపి చివరిదాకా తాగించడం మరో ఎత్తు. మొదటి పని కష్టమేమీ కాదు. రెండోదే సగంలో ఆగిపోతూ ఉంటుంది. నాలుగు చెంచాలు పోయగానే బిడ్డ వాంతి చేసుకుంటుంది. లేదా ఓఆర్‌ఎస్ తాగిన కాసేపటికే మళ్లీ విరేచనం అవుతుంది. "పోసిందంతా పోతూనే ఉంది, ఇది పనిచేయడం లేదు" అని పెద్దవాళ్లు గ్లాసు పక్కన పెట్టేస్తారు. బిడ్డ ఒంట్లో నీరు అసలు తగ్గడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు. పోయిన నీటిని, లవణాలను తిరిగి నింపడమే దాని పని. వ్యాధి కారకం పేగుల్లో ఉన్నంతవరకు విరేచనాలు సాగుతూనే ఉంటాయి. చాలామంది పిల్లల్లో అవి కొద్ది రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది విరేచనం కాదు, దానితో పాటు వెళ్లిపోయే నీరు, ఉప్పు. అందుకే ఇంట్లో లెక్క పెట్టాల్సింది ఎన్నిసార్లు అయిందన్నది ఒక్కటే కాదు. ఎంత పోయింది, ఎంత లోపలికి వెళ్లింది, బిడ్డ ఎలా ఉంది అన్న మూడూ కలిపి చూడాలి.

ఉత్త నీళ్లతో ఈ పని ఎందుకు జరగదు? పేగు లోపలి పొరలో చక్కెరను, సోడియాన్ని జతగా లోపలికి తీసుకునే ద్వారాలు ఉంటాయి. గ్లూకోజ్ వచ్చినప్పుడే ఆ ద్వారం సోడియాన్ని కూడా వెంట తీసుకెళుతుంది, ఆ రెంటి వెనకే నీరు వెళుతుంది. విరేచనాల సమయంలో పేగులు నీటిని బయటికి నెట్టేస్తున్నా ఈ ద్వారాలు చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. ఓఆర్‌ఎస్ బలమంతా అక్కడే ఉంది. చక్కెర, ఉప్పు సరైన పాళ్లలో ఉంటేనే నీరు లోపలికి వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004 నుంచి సిఫారసు చేస్తున్న సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ లవణం ఉండాలి. అన్నీ కలిపి 20.5 గ్రాములు. అంతకు ముందు వాడిన సూత్రంలో ఉప్పు, చక్కెర రెండూ ఎక్కువగా ఉండేవి. వాటిని తగ్గించాక పిల్లల్లో విరేచనం పరిమాణం, వాంతులు, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం తగ్గాయని పరీక్షల్లో తేలింది.

చక్కెర మితి మీరితే ఏమవుతుందో కూడా దీనివల్లే అర్థమవుతుంది. పండ్ల రసాల్లో, గ్యాస్ పానీయాల్లో, తియ్యటి ఎనర్జీ డ్రింకుల్లో చక్కెర చాలా ఎక్కువ, సోడియం చాలా తక్కువ. ఆ చిక్కటి తీపి పేగులోకి చేరగానే శరీరంలోని నీటిని పేగులోకి లాగి విరేచనాన్ని పెంచుతుంది. పెట్టె మీద పేరు ఓఆర్‌ఎస్‌ను తలపించినా, బొమ్మలో పండ్లున్నా, లోపల ఉన్నది తియ్యటి పానీయమైతే అది ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు. పొట్లం వెనక ముద్రించిన పాళ్లు చదవకుండా రంగు చూసి, రుచి చూసి కొనడం ఇక్కడ నిజంగా ప్రమాదకరం.

కలపడంలో జరిగే తప్పు

అతి పెద్ద తప్పు నీళ్ల కొలతలో జరుగుతుంది. లీటరు నీటికి తయారైన పొట్లాలు ఉంటాయి, 200 మిల్లీలీటర్లకు తయారైన చిన్న పొట్లాలూ ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉండవచ్చు. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు నీళ్లలో, అంటే 200 మిల్లీలీటర్లలో కలిపితే ఆ ద్రావణం ఉండాల్సిన దానికంటే ఐదు రెట్లు చిక్కగా తయారవుతుంది. అది తాగిన బిడ్డ రక్తంలో సోడియం ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. అప్పుడు దాహం మరీ ఎక్కువవుతుంది, చిరాకు పెరుగుతుంది, చివరికి మూర్ఛలు కూడా రావచ్చు. పొట్లాన్ని రెండు లీటర్లలో కలిపితే అంత అపాయం లేదు కానీ, పోయిన ఉప్పు తిరిగి రాదు.

కాబట్టి ముందు పొట్లం మీద ఎంత నీటికి అని రాసి ఉందో చదవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గిన్నెలో సరిగ్గా అంత తాగునీరు కొలిచి పోయాలి. గ్లాసుల సైజులు ఇంటింటికీ మారుతాయి కాబట్టి కొలత ముద్రించి ఉన్న సీసా వాడటం మేలు. నీరు శుభ్రమైనదో కాదో అనుమానం ఉంటే మరిగించి, పూర్తిగా చల్లారాకే పొడి కలపాలి. కలిపాక మరిగించకూడదు. పొట్లంలోని పొడి మొత్తం ఒకేసారి వేసి కరిగేదాకా కలపాలి. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అని పంచుకోవడం సరికాదు. లవణాలు, గ్లూకోజ్ పొట్లంలో సమంగా కలిసి ఉంటాయన్న భరోసా లేదు, కంటితో సగం కొలవడం అసలే కుదరదు. కలిపిన ద్రావణంలోకి అదనంగా చక్కెర, ఉప్పు, పాలు, రసం ఏదీ చేర్చకూడదు. రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. ఉంటే కొలత తప్పినట్టే, పారబోసి మళ్లీ కలపాలి. మూత పెట్టి ఉంచిన ద్రావణాన్ని 24 గంటల్లోపు వాడాలి, మిగిలింది పారబోయాలి.

ఎంత పోయాలి, ఎంత వేగంగా పోయాలి

నీరు తగ్గిన లక్షణాలేవీ లేని బిడ్డకు ఇంట్లో పాటించే లెక్క సులువైనదే. రెండేళ్ల లోపు వారికి ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. ఇది మామూలుగా తాగే పాలు, నీళ్లు, తినే ఆహారానికి అదనం. చిన్న పిల్లలకు చెంచాతో, పెద్దవారికి కప్పుతో గుటకలుగా ఇవ్వాలి. పాల సీసాలో పోసి ఇస్తే బిడ్డ గటగట తాగేస్తుంది, వెంటనే కక్కేస్తుంది. పైగా సీసాను శుభ్రంగా ఉంచడం కష్టం.

వాంతి దగ్గరే చాలా ఇళ్లలో ధైర్యం సడలుతుంది. నిజానికి వాంతి చేసుకునే బిడ్డకు కూడా నోటి ద్వారా నీరు నింపడం ఎక్కువ సందర్భాల్లో సాధ్యమే, వేగం తగ్గించాలంతే. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. చెంచాడు నీళ్లు దేనికి సరిపోతాయి అనిపించడం సహజం. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. టీ చెంచాలో పట్టేది 5 మిల్లీలీటర్లు. మూడు నిమిషాలకు ఒకటి చొప్పున పోస్తే గంటకు 20 చెంచాలు, అంటే 100 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలకు ఒకటైతే గంటకు 150. ఒకేసారి గ్లాసెడు తాగించి అంతా కక్కించడం కంటే ఇది ఎంతో నయం. కొంత బయటికి వచ్చినా చాలావరకు లోపలే నిలుస్తుంది. ఓపికగా కూర్చునే మనిషి మాత్రం కావాలి. ఆ భారమంతా తల్లి ఒక్కదాని మీదే వేయకుండా ఇంట్లో వాళ్లు గంట గంటకూ మారితే రాత్రంతా సాగించగలరు.

తల్లిపాలు తాగే బిడ్డకు వాటిని ఆపకూడదు సరికదా, మరింత తరచుగా ఇవ్వాలి. పైపాలు తాగే బిడ్డకు వాటిని నీళ్లు కలిపి పలచన చేయాల్సిన పని లేదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు మామూలుగా తినే ఆహారమే మెత్తగా, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. "కడుపు ఖాళీగా ఉంటే పేగులకు విశ్రాంతి" అన్న నమ్మకం పాతదే, కానీ తప్పు. పస్తు ఉంచితే పేగు పొర కోలుకోవడం ఆలస్యమవుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. విరేచనాలు తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే ఆ బరువు తిరిగి వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బిడ్డ వయసు 14 నెలలు, బరువు 9 కిలోలు. ఉదయం ఏడింటికి మూడో నీళ్ల విరేచనం అయింది. ఆడుకుంటోంది, కళ్లు మామూలుగా ఉన్నాయి, మూత్రం పోసింది. ఇంట్లోనే చూసుకోవచ్చు. లీటరు పొట్లం లీటరు నీటిలో కలిపి, ప్రతి విరేచనం తర్వాత 10 నుంచి 20 చెంచాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పదింటికి ఎవరో తొందరపడి కప్పుతో ఒక్కసారిగా తాగించారు, బిడ్డ అంతా కక్కేసింది. పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెడితే నిలిచింది. కానీ మధ్యాహ్నానికి విరేచనాలు జోరందుకున్నాయి. సాయంత్రం నాలుగింటికి బిడ్డ ఊరికే ఏడుస్తోంది, ఎత్తుకున్నా ఊరుకోవడం లేదు. చెంచా కనబడితే చాలు ఆత్రంగా లాక్కుంటోంది. కళ్లు లోపలికి పోయినట్టున్నాయని తల్లి గమనించింది. ఉదయం తర్వాత మూత్రం పోసినట్టు లేదు.

ఇక్కడ ఇంటి లెక్క ముగుస్తుంది. స్థిమితం లేకపోవడం, కళ్లు గుంటలు పడటం, ఆత్రంగా తాగడం, చర్మం మడత నెమ్మదిగా సర్దుకోవడం, ఈ నాలుగింటిలో ఏ రెండు కనిపించినా బిడ్డ ఒంట్లో నీరు కొంతమేర తగ్గిందని వైద్యులు లెక్కిస్తారు. ఈ బిడ్డలో ఇప్పటికే మూడున్నాయి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చేది కూడా అదే ఓఆర్‌ఎస్, కాకపోతే లెక్క మారుతుంది. కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఇవ్వాలి. తొమ్మిది కిలోలకు అది 675 మిల్లీలీటర్లు, అంటే 135 చెంచాలు. 240 నిమిషాల్లో 135 చెంచాలంటే రెండు నిమిషాలకు ఒకటి కంటే కాస్త ఎక్కువ వేగం. మధ్యలో తల్లిపాలు అడిగితే ఇస్తూనే ఉండాలి. నాలుగు గంటలయ్యాక వైద్య సిబ్బంది మళ్లీ పరీక్షిస్తారు. కళ్లు తేరుకుని, మూత్రం వచ్చి, బిడ్డ కుదుటపడితే ఇంటికి పంపి ప్రతి విరేచనం తర్వాత ఇచ్చే పాత లెక్కకే తిరిగి రమ్మంటారు. కుదుటపడకపోతే మరో విడత ఓఆర్‌ఎస్ ఇస్తారు, పరిస్థితి దిగజారితే సెలైన్ పెడతారు. ఇదంతా ఇంట్లో ఎందుకు చేయకూడదంటే, ఈ దశ నుంచి తీవ్ర దశకు జారడానికి గంటలే చాలు. జారుతున్నప్పుడు పట్టుకోగలిగిన కళ్లు దగ్గర ఉండాలి.

జింక్: విరేచనం ఆగినా ఆపకూడనిది

విరేచనాలతో పాటు శరీరంలోని జింక్ కూడా పోతుంది. పేగు పొర తిరిగి ఏర్పడటానికి, రోగనిరోధక శక్తికి అది అవసరం. 2004 నాటి అదే సిఫారసులో ఓఆర్‌ఎస్‌కు తోడుగా జింక్ చేరింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వారికి 10 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజుల పాటు ఇవ్వాలి. సాధారణంగా దొరికే మాత్ర 20 మిల్లీగ్రాములది, కాబట్టి ఆరు నెలల లోపు బిడ్డకు సగం మాత్ర. రెండు నెలలు కూడా నిండని పసికందు విషయంలో మాత్రం ఏ మందైనా వైద్యుడు చూశాకే. తక్కువ మోతాదుతో వాంతులు తగ్గుతాయని 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన చూపింది. అందువల్ల వైద్యుడు ఇంతకంటే తక్కువ రాస్తే కంగారుపడి సొంతంగా పెంచాల్సిన పని లేదు.

మాత్రను చెంచాలో వేసి కొద్దిగా తల్లిపాలో, శుభ్రమైన నీళ్లో, ఓఆర్‌ఎస్సో పోస్తే నిమిషంలోపే కరిగిపోతుంది. లీటరు ఓఆర్‌ఎస్‌లో వేయకూడదు, బిడ్డ అదంతా తాగుతుందని నమ్మకం లేదు కదా. జింక్‌కు లోహపు చేదు ఉంటుంది, కొందరు పిల్లలు కక్కేస్తారు. అరగంటలోపు కక్కేస్తే బిడ్డ కుదుటపడ్డాక మరో మాత్ర ఇవ్వవచ్చు. వాంతులు ఎక్కువగా ఉన్న సమయంలో ముందు ఓఆర్‌ఎస్‌తో కడుపును నిలకడకు తెచ్చి, తర్వాత జింక్ ఇవ్వడం తెలివైన పని.

జింక్ నుంచి అద్భుతాలు ఆశించకూడదు. అది విరేచనాలు ఉండే కాలాన్ని కొంత తగ్గిస్తుందే కానీ రాత్రికి రాత్రి ఆపదు. తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు మళ్లీ రాకుండా కొంత కాపు కాయడం దాని మరో ప్రయోజనం. మూడో రోజుకే విరేచనం గట్టిపడి బిడ్డ ఆడుకుంటుంటే మిగిలిన మాత్రలు అల్మరాలో ఉండిపోతాయి, ఆ ప్రయోజనం అందకుండా పోతుంది. మొదటి రోజే మాత్రల పట్టీ మీద తేదీలు రాసి పెట్టుకుంటే మరచిపోవడానికి వీలుండదు.

విరేచనాన్ని బిగబట్టే మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెద్దవాళ్లు వాడే లోపరమైడ్ వంటివి పసిపిల్లలకు ఇస్తే పేగుల కదలిక ఆగిపోయి కడుపు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. బయటికి రావడం ఆగినా లోపల నీరు చేరుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ కూడా మామూలు నీళ్ల విరేచనాలకు అక్కర్లేదు. మలంలో రక్తం ఉన్నప్పుడో, కలరా అనుమానం ఉన్నప్పుడో వైద్యుడు నిర్ణయించాల్సిన సంగతి అది.

ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాల్సిన సంకేతాలు

అన్నిటికంటే భయపడాల్సింది ఏడ్చే బిడ్డను చూసి కాదు, ఏడుపు మానేసిన బిడ్డను చూసి. చిరాకుపడుతూ ఆత్రంగా తాగిన బిడ్డ కొన్ని గంటల తర్వాత మత్తుగా పడి ఉండి, చెంచా నోటికి పెట్టినా మింగకపోతే "హమ్మయ్య, నిద్రపోయింది" అనుకోవడం ఘోరమైన పొరపాటు. పిలిచినా, కదిలించినా సరిగా స్పందించకపోవడం, తాగలేకపోవడం, కళ్లు బాగా గుంటలు పడటం, చర్మం మడత చాలా నెమ్మదిగా సర్దుకోవడం తీవ్రంగా నీరు తగ్గిందనడానికి గుర్తులు. వీటిలో ఏ రెండు ఉన్నా వెంటనే సెలైన్ అవసరం. ఇంట్లో గుర్తు పట్టడానికి మాత్రం రెండు దాకా ఆగనక్కర్లేదు, మత్తు ఒక్కటి చాలు బయల్దేరడానికి.

చర్మాన్ని పరీక్షించేది పొట్ట మీద, బొడ్డుకూ పొట్ట పక్క అంచుకూ మధ్యలో. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మెల్లగా పైకి పట్టి వదలాలి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత క్షణమైనా కనిపిస్తే నీరు తగ్గిందని, రెండు సెకన్లకు మించి నిలిస్తే పరిస్థితి తీవ్రంగా ఉందని అర్థం. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బాగా చిక్కిపోయిన బిడ్డలో నీరు తగ్గకపోయినా మడత నిలుస్తుంది, బొద్దుగా ఉన్న బిడ్డలో నీరు తగ్గినా చర్మం వెంటనే సర్దుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పోషకాహార లోపంతో బాగా చిక్కిపోయిన బిడ్డకు నీరు నింపే పద్ధతే వేరు, కాబట్టి అలాంటి బిడ్డను విరేచనాలు మొదలవగానే ఆసుపత్రిలో చూపించాలి.

నీటితో నేరుగా సంబంధం లేని సంకేతాలూ ఉన్నాయి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, మూర్ఛ, ఆయాసం, కడుపు ఉబ్బరం, ఆకుపచ్చ రంగు వాంతి, చేతులు కాళ్లు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉంచకూడదు. చెంచాతో నెమ్మదిగా పోసినా ప్రతిసారీ వాంతి అవుతుంటే, ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోతే, విరేచనాల వేగం ఓఆర్‌ఎస్ పోసే వేగాన్ని మించిపోతుంటే కూడా అంతే. రెండు నెలల లోపు బిడ్డకైతే ఏ సంకేతం కోసమూ ఎదురు చూడకూడదు. ఇవేవీ లేకపోయినా మూడు రోజుల్లో మెరుగు కనిపించకపోతే వైద్యుడికి చూపించాలి. పద్నాలుగు రోజులు దాటిన విరేచనాలు వేరే కోవకు చెందినవి, వాటికి కారణం వెతకాల్సి ఉంటుంది.

బయల్దేరాలని నిర్ణయించుకున్నాక దారిలో ఓఆర్‌ఎస్ ఆపకూడదు. బిడ్డ మెలకువగా ఉండి మింగగలుగుతుంటే కలిపిన సీసా, చెంచా వెంట పెట్టుకుని దారి పొడవునా కొద్దికొద్దిగా పోస్తూనే ఉండాలి, తల్లిపాలు కూడా ఇస్తూ ఉండాలి. మత్తులో ఉండి మింగలేని బిడ్డ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆసుపత్రిలో మొదట అడిగేది విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఏ పొట్లం ఎంత నీటిలో కలిపి ఎంత తాగించారు, ఏ మందులు ఇచ్చారు అని. వాడిన పొట్లాన్ని, మాత్రల పట్టీని వెంట తీసుకెళితే ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాల్సిన పని ఉండదు.